ఫ్రేమ్ రేట్, రిఫ్రెష్ రేట్ ఒకటేనా?

సందేహం: మాస్టారూ, మా అబ్బాయి కొత్త ఫోన్‌ను "120 హెర్ట్జ్" అంటాడు, వీడియోని "60 ఎఫ్‌పీఎస్" అంటాడు. రెండింటినీ "బొమ్మ వేగం" అని రాసేయొచ్చా? 30లో తీసిన వీడియో అదిరినట్టు ఎందుకుంటుంది?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

సమాధానం: అలా రాయకండి, రెండూ వేరు. సెకనుకు ఎన్ని బొమ్మలు తీశారో, లేదా గేమ్ ఎన్ని తయారుచేసి ఇస్తోందో చెప్పేది ఫ్రేమ్ రేట్. తెర సెకనుకు ఎన్నిసార్లు తనను తాను తాజా చేసుకుంటుందో చెప్పేది రిఫ్రెష్ రేట్. హెర్ట్జ్ తెరకు, ఎఫ్‌పీఎస్ వీడియోకు వాడితే తికమక ఉండదు. మీ అబ్బాయి సరిగ్గానే అంటున్నాడు. అయితే ఆ 120 హెర్ట్జ్ తెర మీద 30 ఎఫ్‌పీఎస్ వీడియో పెడితే ఒక్కో బొమ్మనే నాలుగేసి సార్లు చూపిస్తుంది. కదలిక నున్నబడదు.

ఇక అదురు సంగతి. మీ ఊరి స్టేషన్లో ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌ని, ఫోన్ కదపకుండా పట్టుకుని తీశారనుకోండి. వీడియో అడ్డంగా 1920 పిక్సెళ్లు. ఇంజిన్ ముక్కు ఈ చివర నుంచి ఆ చివరకు రెండు సెకన్లలో దాటింది. 30లో తీస్తే ఆ దూరానికి 60 బొమ్మలే. అంటే ముక్కు ఒక్కో అంగలో 32 పిక్సెళ్లు దూకుతుంది. 60లో తీస్తే 120 బొమ్మలు, అంగ 16 పిక్సెళ్లే.

చూసే కన్ను మాత్రం దూకదు, రైలు వెంట ఆగకుండా జారుతూ పోతుంది. 30లో ఒక్కో బొమ్మ తెర మీద సుమారు 33 మిల్లీసెకన్లు కదలకుండా నిలబడుతుంది. ఈలోగా కన్ను ముందుకెళ్లిపోతుంది, బొమ్మ వెనకబడిపోతుంది. బోగీ మీద అక్షరాలు చెదిరి, అదిరినట్టు కనబడేది అందుకే. 60లో ఆ నిలకడ 17 మిల్లీసెకన్లకు దిగుతుంది కాబట్టి చెదురూ సగమవుతుంది. ప్లాట్‌ఫాం మీద కూర్చున్న మనిషిని తీస్తే ఈ తేడా దాదాపు తెలియదు.

మరి సినిమా 24లోనే తీస్తారు కదా అంటారేమో. అక్కడ ఒక్కో బొమ్మలోనే కదలిక కొంచెం అలుక్కుపోయేలా తీస్తారు, కెమెరాని మరీ గబగబా తిప్పరు. పైగా మన చెయ్యి దాని మీద ఉండదు. గేమ్‌లో వేలు కదిపితే ఫలితం కనబడేది తర్వాతి బొమ్మలోనే, అందుకే 30లో ఆడుతుంటే బరువుగా, ఆలస్యంగా తోస్తుంది.

అలాగని ఎప్పుడూ 60 పెట్టేయకండి. ఒక్కో బొమ్మకు కెమెరా కన్ను తెరిచి ఉంచగలిగేది సెకనులో అరవయ్యో వంతే. సందె చీకట్లో బొమ్మ మసకబారి, గింజలు గింజలుగా వస్తే 30కి మార్చుకోండి.