లాడ్ బజార్‌లో రెండుసార్లు తీసిన బీ-రోల్

ప్రశ్న: కెమెరా ముందు కూర్చుని మాట్లాడే వీడియోలు చేస్తాను. మధ్యలో వేయడానికి బీ-రోల్ ఎంత తీసుకొచ్చినా, మూడో నిమిషానికల్లా అవే బొమ్మలు మళ్లీ మళ్లీ వస్తున్నట్టు ఉంటోంది. షూట్‌కు వెళ్లే ముందే దీన్ని ఎలా ప్లాన్ చేసుకోవాలి?

జవాబు:

ఎక్కువ క్లిప్పులు తీస్తే తీరే సమస్య కాదండీ ఇది. నాకు ఆ సంగతి లక్క గాజుల మీద ఏడు నిమిషాల వీడియో చేసినప్పుడు తెలిసింది. మాట్లాడే భాగం ఇంట్లో తీసేసి, ఒక సాయంత్రం కెమెరా పట్టుకుని లాడ్ బజార్‌కు వెళ్లి 64 క్లిప్పులు తెచ్చాను. నాతో ఎడిటింగ్ చేసే తమ్ముడు టైమ్‌లైన్ చూసి, "అన్నా, దుకాణాలు మారుతున్నాయి గానీ షాట్ మారట్లేదు" అన్నాడు. నిజమే. దాదాపు 50 క్లిప్పులు నేను నిలబడ్డ ఎత్తు నుంచే, రెండడుగుల దూరం నుంచే, గాజుల వరస మీదుగా ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపినవి. ఎర్రవి వేరు, పచ్చవి వేరు అని నేను లెక్కేసుకున్నాను. చూసేవాళ్లకు అదంతా ఒకే బొమ్మ.

షాట్ ఏ పని చేస్తోంది, ఎంత దగ్గరగా ఉంది, అందులో ఏం కదులుతోంది, ఈ మూడూ మారకపోతే వస్తువు మారినా మారినట్టు ఉండదు. అందుకే రెండోసారి కెమెరా కన్నా ముందు స్క్రిప్ట్ ప్రింట్ తీసుకున్నాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పైకి చదువుతూ, ఎక్కడ నా ముఖం ఉండాలో ముందు గుర్తు పెట్టాను. నా అభిప్రాయం చెప్పే చోట, సందేహం చెప్పే చోట ముఖమే ఉండాలి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చిందనే వాక్యం ఉంది. దానికి చూపించడానికి ఏమీ లేదు. మొదటిసారి అక్కడ కూడా గాజుల బొమ్మే వేశాను, అది దండగ. అలా తీసేయగా ఏడు నిమిషాల్లో మూడు నిమిషాలే బీ-రోల్‌తో కప్పాల్సి వచ్చింది. షాట్ ఒకటి మూడు నాలుగు సెకన్లు నిలుస్తుందనుకుంటే దాదాపు 50 షాట్లు కావాలి. 50 వేరువేరు ఆలోచనలు ఎవరికీ రావు, అవసరమూ లేదు. ఒక్కొక్కటి ఐదారు షాట్లు ఉండే ఎనిమిది చిన్న సీక్వెన్సులు చాలు.

ఒక పేరా తీసుకుని చెబుతాను. స్క్రిప్ట్‌లో ఇలా ఉంది: "లక్కను నిప్పుల మీద మెత్తబరుస్తారు. సన్నటి కడ్డీలా సాగదీసి, చల్లారకముందే గుండ్రంగా వంచి అతికిస్తారు. ఆ వేడి ఉండగానే రాళ్లు పొదగాలి. ఆలస్యమైతే లక్క గట్టిపడిపోతుంది, రాయి పట్టదు." నా వేగంలో ఇది 18 సెకన్లు. మొదటి వెర్షన్‌లో దీని మీద తయారైన గాజుల షాట్లు ఐదు వేశాను. మాట ఒక పని గురించి చెబుతోంది, బొమ్మ మాత్రం ఆ పని అయిపోయాక మిగిలినదాన్ని చూపిస్తోంది. రెండోసారి గాజులు చేసే గదికే వెళ్లాను. మొదటి రోజు కెమెరా తీయలేదు, అరగంట కూర్చుని పని చూశాను. ఆ అరగంటలో అర్థమైంది: గాజులు చేసే ఆయన ప్రతి గాజుకూ అదే వరసలో అవే పనులు చేస్తారు. అంటే ఒక్కో గాజుకు నేను ఒక్కో చోట కూర్చుని తీయొచ్చు. ఎడిట్‌లో అవన్నీ కలిపితే ఒకే గాజు పుడుతున్నట్టు ఉంటుంది.

మర్నాడు అలాగే చేశాను. మొదటి గాజుకు నిప్పుల మీద మెత్తబడుతున్న లక్క, ఫ్రేమ్ నిండా. రెండో గాజుకు ఆయన ముఖం మాత్రమే, కళ్లు చేతుల వెంట తిరుగుతుంటే. మూడోదానికి భుజం మీదుగా, కడ్డీని దొర్లిస్తున్న అరచేతులు. నాలుగోదానికి గుమ్మం దగ్గర నిలబడి గది మొత్తం, ఆ గది ఎంత చిన్నదో తెలిసేలా. ఐదోదానికి రాయిని అద్దే వేలి కొస, అంతే. "ఒకటి తీశావుగా భయ్యా, మిగతావీ అలాగే ఉంటాయి" అన్నారాయన. ఒక్కోటి ఒక్కో వైపు నుంచి తీస్తున్నానని స్క్రీన్ మీద చూపిస్తే, తర్వాత ఆయనే "ఇప్పుడు ఇటు రా" అని చోటు చూపించారు. ఆ ఐదింటితో 18 సెకన్లు నిండాయి. ఆ తర్వాత ఇంకో రెండు సెకన్లు నా గొంతు ఆపేసి, గాజు కుప్పలో పడ్డ చప్పుడు వినిపించనిచ్చాను.

బయల్దేరే ముందు ఈ ప్లానంతా ఒక కాగితం మీద ఉండాలి. నాలుగు నిలువు గడులు గీసుకోండి: వాక్యం, షాట్ చేసే పని, సైజు, కదలిక. రాసాక అడ్డంగా కాకుండా పై నుంచి కిందికి చదవండి. సైజు గడిలో 'దగ్గర, దగ్గర, దగ్గర' అని వరసగా మూడుసార్లు కనిపించిందంటే ఎడిట్‌లో విసుగు పుట్టే చోటు అదే. కాగితం మీదే మార్చేయండి. పని గడిలో అన్నీ 'చెప్పిన వస్తువును చూపడం' అని ఉన్నా అంతే ప్రమాదం. పెళ్లిళ్ల సీజన్ గురించిన వాక్యానికి నేను మళ్లీ గాజులు రాసుకుని, కొట్టేసి, గాజు సైజు చూడటం అని రాశాను. దుకాణంలో ఒక అమ్మ వేళ్లు దగ్గరికి నొక్కి చూసి "రెండు ఆరా, రెండు ఎనిమిదా" అని అడగడం దొరికింది. వీడియో మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన షాట్ అది. చార్మినార్‌ను మాత్రం ఒక్కసారే వాడాలని కాగితం మీదే రాసి పెట్టుకున్నాను. చోటు చెప్పడానికి ఒక్కసారి చాలు, రెండోసారి వేస్తే ఇంక చూపించడానికేమీ లేనట్టు ఉంటుంది.

తీసేటప్పుడు ప్రతి షాట్‌నూ కదలకుండా పది సెకన్లు పట్టుకోండి. కెమెరా కదలాలంటే దాన్ని వేరే క్లిప్‌గా తీయండి. ఆ గాజుల దుకాణాల్లో లైట్లు ఎక్కువ, మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే చాలాచోట్ల మినుకు ఉండదు. అయినా కొన్ని చవక ఎల్ఈడీలు సతాయిస్తాయి కాబట్టి మొదటి క్లిప్ తీసిన వెంటనే పెద్దది చేసి చూసుకోండి. స్లోమోషన్ ఒక్క సీక్వెన్స్‌కే ఉంచండి. అన్నింటికీ వాడితే వేరువేరు షాట్లు కూడా ఒకే ఊపులో నడిచి ఒకేలా అనిపిస్తాయి.

ఎడిట్ అయ్యాక ఒక్కో బీ-రోల్ షాట్ నుంచి ఒక్కో ఫ్రేమ్ తీసి, అన్నింటినీ ఒకే పేజీలో వరసగా పేర్చి చూడండి. పక్కపక్కన ఉన్న రెండు బొమ్మలు అటూ ఇటూ మార్చినా తేడా తెలియకపోతే ఒకటి తీసేయండి. ఆ ఖాళీలో మీ ముఖమే ఇంకో నాలుగు సెకన్లు ఉండనివ్వండి. నేను అలా మూడు తీసేశాను, 47 మిగిలాయి.

మీ విషయం పన్నులు, రుణాల్లాంటిదైతే చూపించడానికి పనులు అంతగా దొరకవు. అప్పుడు రెండు సీక్వెన్సులే ప్లాన్ చేసుకుని, నిమిషంన్నర మాత్రమే కప్పండి. మిగతా చోట్ల మాట మలుపు తిరిగినప్పుడు ఫ్రేమ్‌ను కాస్త దగ్గరికి మార్చితే సరిపోతుంది. అలాంటి వీడియోకు నెట్‌లో దొరికే నాణేల గుట్టలు, కాలిక్యులేటర్ నొక్కే వేళ్లు తెచ్చి నింపకండి. ఆ షాట్లు చూసేవాళ్లు ఇంకో పది వీడియోల్లో చూసే ఉంటారు, మీరు ఒక్కసారే వాడినా వాళ్లకు రిపీటే.