అరికాలి మచ్చ: అంచు చుట్టూ చూపు తిప్పండి

"మా నాన్నగారికి 62 ఏళ్లు. అరికాలిలో మినప గింజంత నల్ల మచ్చ ఉండేది. ఈ ఏడాది శనగ గింజంత అయింది. నొప్పి లేదంటున్నారు. అది పుట్టుమచ్చో, క్యాన్సరో ఇంట్లో గుర్తించే వీలుందా?"

నొప్పి లేదన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. మా పెదనాన్న కూడా పది నెలలు అదే మాట చెప్పారు. ఉరవకొండ దగ్గర వేరుశనగ చేలో చెప్పులు లేకుండా తిరిగే మనిషి. మడమ మీద మచ్చ చూసి ముల్లు విరిగిందని ఒకరు, ఆనెకాయ అని ఇంకొకరు అన్నారు. బ్లేడుతో గీకి, నల్లజీడి రసం పెట్టారు. దాంతో మచ్చ అంచు ఏదో, పుండు అంచు ఏదో తెలియకుండా పోయింది. మీరు మాత్రం దాన్ని గీకవద్దు.

కాలు కడిగి, పగటి వెలుతురులో పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. మచ్చ మధ్యగా నిలువునా అడ్డంగా ఒక్కో గీత ఊహించుకోండి. మామూలు పుట్టుమచ్చ ఎటు మడిచినా రెండు సగాలూ దాదాపు సరిపోతాయి. పెదనాన్న పాత ఫోటోలో మడమ వైపు సగం గుండ్రంగా ఉంది, వేళ్ల వైపు సగం నాలుకలా సాగింది. తర్వాత గడియారం ముల్లులా అంచు చుట్టూ చూపు తిప్పండి. ఆయన మచ్చకు ఒకచోట గంటు పడినట్టుంది, మరోచోట తడి కాగితం మీద సిరా పాకినట్టు రంగు చర్మంలో కలిసిపోయింది. ఆ ఫోటో మనవరాలి ఫోనులో ఉండబట్టి దొరికింది కానీ, లేకపోతే డాక్టరుకు చూపడానికి ఏమీ మిగిలేది కాదు.

ఈ పరీక్షలో నెగ్గిన మచ్చ మంచిదేనని అనుకోవద్దు. మచ్చలా మొదలయ్యే చర్మ క్యాన్సర్‌ను మెలనోమా అంటారు. కొన్ని మెలనోమాలు గుండ్రంగా, నున్నగా, బొడిపెలా వేగంగా పెరుగుతాయి. కొన్నింటికి నల్ల రంగే ఉండదు. మీ నాన్నగారి మచ్చ పెరిగింది కాబట్టి, ఆకారం ఎలా ఉన్నా చర్మవైద్యుడికి చూపించాల్సిందే.

అక్కడ డెర్మోస్కోపు అనే భూతద్దంతో చూస్తారు. అరికాలి చర్మంలో వేలిముద్రల్లా గట్లు, వాటి మధ్య గాడులు ఉంటాయి. మామూలు మచ్చ రంగు ఎక్కువగా గాడుల వెంట కనిపిస్తుంది. మెలనోమా రంగు గట్ల వెంట పట్టీలుగా పరుచుకుంటుంది. పెదనాన్నకు గట్ల మీదే కనిపించింది. బయాప్సీకి, అంటే పరీక్షకు, మచ్చ ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మా ఇంట్లో నెల రోజులు వాదన జరిగింది. ఆ భయానికి ఆధారం లేదు, నెల మాత్రం వృథా అయింది.

బయాప్సీలో క్యాన్సర్ చర్మంలోకి దిగిన లోతు 1.4 మిల్లీమీటర్లు అని వచ్చింది. ఆ లోతును బట్టే చుట్టూ రెండు సెంటీమీటర్ల చర్మం తీసి, తొడ చర్మం అతికించారు, క్యాన్సర్ పాకిందేమోనని గజ్జలోని ఒక లింఫు బిళ్లను కూడా పరీక్షకు పంపారు. అందులో ఏమీ లేదు. మీకు రిపోర్టు వస్తే ముందు ఆ మిల్లీమీటర్ల అంకె ఎంతో అడగండి.