మేనకోడలికి, స్టాన్స్ వీడియో తీసే ముందు

అమ్మలూ,

బ్యాటింగ్ నేర్పే చిన్న వీడియోలు మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొదటిది స్టాన్స్ గురించేనట, అంటే బంతి కోసం బ్యాటర్ నిలబడే తీరు గురించి, అందులోనూ తల ఆఫ్ సైడ్‌కి వాలిపోవడం గురించట. అమలాపురంలో అబ్బాయిల నెట్స్‌లో ఒక్కదానివే ఆడి నిలబడిన పిల్లవి, నీకు కాక ఎవరికి తెలుస్తుంది అని ఆ పూటంతా కనపడిన వాళ్ళందరికీ చెప్పాను. రాత్రయ్యేసరికి టెన్షన్ పట్టుకుంది. నెట్స్‌లో పిల్లాడికి తప్పు చెబితే మర్నాడు దిద్దుకోవచ్చు. నీ వీడియో చూసి రాజోలులోనో భీమవరంలోనో పెరట్లో బ్యాట్ పట్టుకునే పిల్లాడు నీకు కనపడడు. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. స్టాండ్ మీద పెట్టు, చేత్తో పట్టుకోవద్దు. పొద్దున్న ఎండలో తియ్యి. ట్యూబ్‌లైట్ల కింద స్లో మోషన్ తీస్తే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. కొబ్బరి చెట్ల నీడలో తీస్తే మొహం మీద చారలు పడి కళ్ళెక్కడున్నాయో తెలియదు.

ఫోన్ ఎక్కడ పెడతావన్నది మాత్రం ముఖ్యం. అందరూ పక్క నుంచి తీస్తారు, అక్కడి నుంచి షాట్ అందంగా ఉంటుంది కాబట్టి. కానీ తల ఆఫ్ సైడ్‌కి వాలడం పక్క నుంచి సరిగా తెలియదు. బౌలర్ వైపు నుంచి, మిడిల్ స్టంప్‌కి ఎదురుగా, నడుం ఎత్తులో పెట్టు. నెట్ వెనక నుంచే తియ్యి, ఎదురుగా నిలబడి మూతి పగలగొట్టుకోకు. అప్పుడు కన్ను దగ్గర నుంచి కిందికి నిలువు గీత గీస్తే, అది షూ ముందు భాగం మీద పడుతుందో, దాన్ని దాటి ఆఫ్ వైపు నేల మీద పడుతుందో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

సెకనుకు 240 ఫ్రేములతో తీసి 30 ఫ్రేముల వేగంతో చూపిస్తే ఎనిమిది రెట్లు నెమ్మదిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి బౌలర్ చెయ్యి వదిలాక బ్యాటర్ దాకా రావడానికి ఇంచుమించు సెకనులో మూడింట రెండు వంతులు పడుతుంది. నీ వీడియోలో అదే ఐదు సెకన్లకు పైగా సాగుతుంది. ఆ ఐదు సెకన్లూ మాట్లాడుతూ పోకు. బంతి బౌలర్ చేతిని వదిలే క్షణంలో బొమ్మ ఆపి, గీత గీసి, అక్కడ చెప్పు. అంతకుముందు ఎలా నిలబడ్డా చెల్లుతుంది. వెస్టిండీస్ బ్యాటర్ చందర్‌పాల్ ఛాతీ బౌలర్ వైపు పెట్టి నిలబడేవాడు, బంతి వచ్చేసరికి పక్కకు తిరిగి సర్దుకునేవాడు. అది తెలియని పిల్లాడు నువ్వు మొదటి ఫొటో మీద గీత గీస్తే ఆ ఫొటోనే కాపీ కొడతాడు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. పాలకొల్లు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు, పన్నెండేళ్ళుంటాయి, కుడిచేతి వాటం. స్టంప్స్ మీదకి వచ్చే బంతికల్లా ఎల్బీ అయిపోయేవాడు. ఫ్లిక్ కొట్టబోతే బంతి ప్యాడ్‌కి తగిలేది, వెనక కాలు ఆఫ్ వైపుకి తూలి పడేది. తల స్టంప్ దాటి బయటికి వెళితే మిడిల్ స్టంప్ బంతి లెగ్ వైపు పోతున్నట్టు కనిపిస్తుంది. ఒళ్ళు తల వెంట పోతుంది, ముందు కాలు అడ్డంగా పడుతుంది, బ్యాట్ ఆ కాలి చుట్టూ తిరిగి రావాలి. అప్పటికి బంతి ప్యాడ్ దగ్గర ఉంటుంది.

వాడికి ఆ వంపు ఎక్కడిదో చూడగానే తెలిసింది. దాళ్వా కోతలయ్యాక ఎండిన చేలో కొబ్బరి మట్ట బ్యాట్‌తో ఆడి పెరిగిన పిల్లాడు. మట్ట పొట్టిది, నెర్రెలు విచ్చిన నేల మీద బంతి లేవదు, అందుకని మోకాళ్ళు బిగించి నడుం దగ్గర వంగి ఆడడం అలవాటైంది. మీ అమ్మా, నేనూ అలాగే ఆడాం, మన చేలో ఎవరూ వేరేలా ఆడలేదు. ఇంట్లోవాళ్ళు కొత్త బ్యాట్ కూడా ఏళ్ళ తరబడి పనికొస్తుందని పెద్ద సైజుది కొన్నారు. దాని బరువుకి తల ఇంకా ముందుకి వెళ్ళింది.

అతనికి నేర్పుతున్న కోచ్ మంచివాడే, కష్టపడేవాడే. కానీ తల వాలుతోంది కదా అని రోజూ 'తల పైకెత్తు, తల పైకెత్తు' అని అరిచేవాడు. కుర్రాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. గడ్డం పైకి లేపాడు, బరువంతా మడమల మీదకి పోయింది. ఎల్బీలు తగ్గాయి, అందరూ సంతోషించారు. తర్వాత మ్యాచుల్లో ముందుకి అడుగు వెయ్యలేక ఉన్నచోటి నుంచే చేతులు చాపడం, బంతి అంచుకి తగిలి స్లిప్‌లోకి పోవడం మొదలైంది. పిల్లాడికి ఆట మీద విసుగొచ్చి రావడం మానేశాడు. వాణ్ణి తీసుకురావడానికి వాళ్ళింటికి వెళ్ళాల్సి వచ్చింది.

అమ్మలూ, వాలేది తలే, కానీ తప్పు మోకాళ్ళలో ఉంది. వీడియోలో నువ్వు చెప్పాల్సింది ఇంతే. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అతనికి తల ఊసే ఎత్తలేదు. పాదాలు భుజాల వెడల్పున పెట్టమన్నాం. మోకాళ్ళు కాస్త వంచమన్నాం. మోకాళ్ళు వంగి, పిరుదులు కొంచెం వెనక్కి వెళ్ళేసరికి ఛాతీ దానంతటదే లేచింది, తల వచ్చి షూ మీద నిలిచింది. బరువు వేళ్ళ వెనకుండే మెత్తటి భాగం మీద ఉండాలి, మడమలు నేలని ఊరికే తాకాలి. ఆఖరున గడ్డం ముందు భుజం మీదకి తిప్పమన్నాం, రెండు కళ్ళూ సమానంగా వచ్చాయి. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ముందు కాలు అంగుళం పైకి లేపాలి. తల కదలకుండా లేచిందంటే బాగున్నట్టు. తల తూగిందంటే మళ్ళీ మోకాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. ముందు బంతి లేకుండా, తర్వాత దగ్గర్నుంచి కింది చేత్తో వేసే టెన్నిస్ బంతితో, ఆ తర్వాతే నెట్స్. ఆ వరసలో వెళితేనే అతనికి నిలిచింది.

కాబట్టి వీడియోలో మూడు మాటలు చాలు: 'మోకాళ్ళు వంచు, గడ్డం భుజం మీద, ముందు కాలు లేపి చూడు.' మోచెయ్యి, గ్రిప్, బ్యాక్‌లిఫ్ట్ జోలికి పోకు. నీకవన్నీ వచ్చని నాకు తెలుసు, చెప్పాలని నోరు దురదగా ఉంటుందనీ తెలుసు. ఆపుకో. కుడి ఎడమలు అసలు అనకు. ముందు కాలు, వెనక కాలు అనే చెప్పు. సెల్ఫీ కెమెరాలో కుడిచేతి వాటం ఎడమచేతి వాటంలా కనబడొచ్చు, ఎడమచేతి పిల్లలు కూడా చూస్తారు.

ఒక్క హద్దు కూడా చెప్పెయ్యి. నిలబడినప్పుడు గీత బాగానే ఉండి, బౌలర్ పరిగెత్తి వస్తుండగా తల పక్కకి జరిగిపోతే దానికి ఈ మందు పనిచేయదు. ఆ తప్పు ట్రిగ్గర్ కదలికలో, అంటే బంతి వదలకముందు బ్యాటర్ వేసే చిన్న అడుగులో ఉంది, దానికి ఇంకో వీడియో చెయ్యాలి.

హెల్మెట్ లేకుండా లెదర్ బంతి ఎదురుగా ఒక్క ఫ్రేము కూడా తియ్యొద్దు. మొహం బాగా కనపడాలని అనిపిస్తుంది, తెలుసు. మొహం కనపడాల్సిన ముక్కలు టెన్నిస్ బంతితో తీసుకో. బ్యాలెన్స్ తప్పి వంగిన తలే దెబ్బకి అందరికంటే ముందు దొరుకుతుంది, నువ్వు నేర్పబోయేది అలాంటి పిల్లలకే.

పెట్టే ముందు నాకొకసారి పంపు. సౌండ్ తీసేసి చూస్తాను, మీ అత్తకి కూడా చూపిస్తాను. ఆవిడ ఎప్పుడూ బ్యాట్ పట్టలేదు. మాటలు లేకుండా ఆవిడ మోకాళ్ళు వంచాలని కనిపెట్టిందంటే పెట్టెయ్యి.

మీ మావయ్య