పదాలు మార్చినా తగ్గని సారూప్యత

ప్రశ్న: గుణుపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. టైటానియం డయాక్సైడ్‌తో రంగునీటి శుద్ధిపై సాహిత్య సమీక్ష రాశాను. ప్రతి వాక్యానికీ మూలం ఇచ్చాను, పదాలు కూడా మార్చాను. అయినా సాఫ్ట్‌వేర్ 34 శాతం సారూప్యత చూపిస్తోంది. ఎలా తగ్గించాలి?

జవాబు: ముందుగా రిపోర్టు సెట్టింగుల్లో మూలాల జాబితాను, కొటేషన్లను మినహాయించి మళ్లీ చూడండి. యూజీసీ 2018 నిబంధనలు వీటితో పాటు ప్రామాణిక సంకేతాలను, సమీకరణాలను కూడా లెక్కలోంచి తీసేస్తాయి, మిగిలిన సారూప్యత 10 శాతం వరకు ఉంటే చర్య ఉండదు. ఆ తర్వాత కూడా రంగు పూసి కనిపించే వాక్యాలే అసలు సమస్య. వాటికి చివర మూలం సంఖ్య ఉన్నా, వాక్య నిర్మాణం మూల రచయితదే అయితే అది అరువు వాక్యమే.

పర్యాయపదాలు వెతకడం రసాయనశాస్త్రంలో మరీ ప్రమాదకరం. ఒక పత్రంలో ‘అతినీలలోహిత కాంతిలో 90 నిమిషాలకు మెథిలీన్ బ్లూ 95 శాతం రంగు కోల్పోయింది’ అని ఉందనుకుందాం. మీరు దాన్ని ‘95 శాతం ఖనిజీకరణం చెందింది’ అని మారిస్తే సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది గానీ వాక్యం అబద్ధమవుతుంది. 664 నానోమీటర్ల దగ్గర శోషణ తగ్గితే రంగు పోయిందని మాత్రమే తెలుస్తుంది. ఖనిజీకరణం జరిగిందని, అంటే అణువు కార్బన్ డయాక్సైడ్ దాకా విరిగిందని చెప్పాలంటే మొత్తం సేంద్రియ కర్బనాన్ని కొలవాలి. అసలు మెథిలీన్ బ్లూ విరగకుండానే, క్షయకరణం చెంది రంగులేని ల్యూకో రూపానికి మారగలదు కూడా.

అందువల్ల పత్రం చదివాక దాన్ని మూసేసి, ఉత్ప్రేరకం మోతాదు, రంగు గాఢత, కాంతి, కొలిచిన విధానం అనే నాలుగు విషయాలను తెలుగులోనే నోట్సుగా రాసుకోండి. ఆ నోట్సు చూసి ఇంగ్లీషులో రాస్తే మూల వాక్యం వెంట రాదు. మూలాన్ని పక్కన పెట్టుకొని వరుసగా అనువదిస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తారు. రెండు మూడు పత్రాల నోట్సును పోల్చి, ‘ఈ రెండూ శోషణనే కొలిచాయి, మూడోది కర్బనాన్ని కూడా కొలిచింది’ అన్నట్టు ఒకే వాక్యంలో రాయగలిగితే, ఆ వాక్యం పూర్తిగా మీదే, సంఖ్యలు మాత్రం ఆయా మూలాలవి. చివరగా అంకెలను మూలంతో సరిచూసుకోండి.

ఇంకొకటి. ఈ అంశంపై రాసేవారిలో చాలామంది ఫుజిషిమా, హోండాల 1972 నాటి నేచర్ పత్రాన్ని చదవకుండానే రంగుల విచ్ఛేదనానికి మూలంగా ఇచ్చేస్తుంటారు. అందులో ఉన్నది టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై కాంతి పడినప్పుడు నీరు విడిపోవడం; రంగుల ఊసే లేదు. ఎవరి సమీక్షలోనో చూసి తెచ్చుకున్న మూలాన్ని నేరుగా చదివినట్టు ఇవ్వడం నా దృష్టిలో వాక్యం కాపీ చేయడం కన్నా చిన్న తప్పేమీ కాదు. మూలాలను భద్రపరిచే జొటెరో సాఫ్ట్‌వేర్‌లో మంత్రదండం గుర్తు నొక్కి ఈ పత్రం డీఓఐ ఇస్తే వివరాలు వాటంతటవే వస్తాయి:

```
10.1038/238037a0
```

ఆ ఎంట్రీ కిందే నోట్ తెరిచి, మీ తెలుగు నోట్సును పేజీ సంఖ్యతో సహా అక్కడ ఉంచుకోండి. పత్రం దొరకకపోతే, మీరు చదివిన సమీక్షనే మూలంగా చూపండి.