గల్లాపెట్టె మీ పర్సు కాదు

పార్లర్ కిటకిటలాడుతున్నా నెలాఖరుకు చేతిలో ఏమీ మిగలడం లేదనీ, అకౌంట్స్ చదువుకోలేదనీ రాశారు చెల్లెమ్మా. నేనూ చదువుకోలేదు. కూడికలు, తీసివేతలతోనే పరాయి దేశంలో పార్లర్ నిలబెట్టుకున్నాను. మీ తరానికి ఫోనులో సవాలక్ష సదుపాయాలు ఉన్నాయి కానీ, గల్లాలో నోట్లు లెక్కపెట్టే ఓపిక మాత్రం కనబడదు.

మొదట్లో నేనూ అంతే. ఇంటి సరుకులకు, పిల్లల ఫీజులకు గల్లాలోంచే తీసేదాన్ని, రాసేదాన్ని కాదు. ఒక పెళ్లికూతురి అలంకరణకు అడ్వాన్సు వస్తే వ్యాపారం బాగుందనుకుని అద్దె కట్టేశాను. పెళ్లి వాయిదా పడి ఆ అమ్మాయి డబ్బు తిరిగి అడిగేసరికి గల్లాలో చిల్లర తప్ప ఏమీ లేదు. పని చేసేదాకా అడ్వాన్సు మనది కాదు. దాన్ని విడిగా రాసి, విడి కవరులో పెట్టండి.

ఒక నోటుబుక్కు చాలు, రోజుకో పేజీ. ఉదయం గల్లాలో చిల్లరగా 100 ఉంచండి, రోజూ అంతే. కస్టమర్ డబ్బు ఇవ్వగానే పని, మొత్తం, నగదో కార్డో రాయండి. సామాను కొంటే రసీదు గల్లాలో వేయండి. ఇంటికి తీస్తే ‘సొంత వాడకం’ అని చీటీ వేయండి. అది పార్లర్ ఖర్చు కాదు, మీరు తీసుకున్న మీ వాటా.

రాత్రి పుస్తకం చూడకముందే నోట్లు లెక్కపెట్టండి. ఎంత ఉండాలో ముందే తెలిస్తే చెయ్యి అక్కడికే వచ్చి ఆగుతుంది. ఉదాహరణకు చిల్లర 100, నగదు రాబడి 420, సామానుకు 35, సొంత వాడకం 40 అనుకోండి. గల్లాలో 445 ఉండాలి. ఉన్నది 425. కంగారుపడి పనమ్మాయిని అనుమానించకండి, కార్డు మిషను రోజు మొత్తం చీటీ తీయండి. పుస్తకంలో కార్డు 310 ఉండి చీటీలో 330 ఉంటే, కార్డు మీద వచ్చిన 20 నగదుగా రాశారన్నమాట. రెండుచోట్లా దిద్దండి. కార్డు చీటీ సరిపోయినా గల్లా తగ్గితే ‘తక్కువ 20’ అనే రాయండి. పర్సులోంచి తీసి పూడ్చారో, ఆ తప్పు ఎక్కడ జరుగుతోందో ఎప్పటికీ పట్టుకోలేరు. తగ్గుదల ఎప్పుడూ ఒకే మనిషి గల్లా దగ్గరున్న రోజునే వస్తుంటే, అప్పుడు మాట్లాడండి.

రేపటి 100 గల్లాలో వదిలి, మిగిలిన 325 కవరులో పెట్టి తేదీ రాయండి. బ్యాంకు రసీదులో అదే అంకె ఉండాలి. కార్డు డబ్బు రుసుము పోగా ఖాతాలో పడుతుంది కాబట్టి రాబడి 330 అనే రాసి, రుసుమును ఖర్చులో చూపండి. పన్ను ఎంతో, ఎప్పుడు కట్టాలో అక్కడి అకౌంటెంటును అడగండి. ఆయన మొదట అడిగేది ఈ నోటుబుక్కే.