పాత బిల్లులు ఆర్కైవ్ చేద్దామని మేనేజ్‌మెంట్‌కు లెటర్: ఏం రాయాలి?

"కర్నూలులో మా హోల్‌సేల్ షాపు నెలాఖరు రిపోర్టుకు 40 నిమిషాలు పడుతోంది. పాత బిల్లులు వేరే టేబుల్‌లో పెడదామంటే, డిస్క్ ఖాళీగానే ఉంది కదా అంటున్నారు."

అన్నా, డిస్క్ మాట వదిలేసి మెమరీ గురించి రాయండి. అనంతపురంలో నేను రాసిన పేరా ఇది, మీ అంకెలు వేసుకోండి:

"సార్, డేటాబేస్‌కు ఇచ్చిన మెమరీ 8 జీబీ. బిల్లుల టేబుల్ 30 జీబీ. మనం రోజూ చూసేది గత రెండేళ్ల బిల్లులే. అయినా రిపోర్టు టేబుల్ మొత్తం చదువుతుంది. అది మెమరీలో పట్టక డిస్క్ నుంచి రావాలి, పైగా కౌంటర్‌కు కావాల్సిన కొత్త డేటాను బయటకు నెట్టేస్తుంది. పాతవి ఆర్కైవ్ టేబుల్‌లో ఉంటాయి, ఆడిటర్ అడిగితే అక్కడే చూపిస్తాం."

టెస్ట్ కాపీలో రెండేళ్ల డేటా మాత్రమే ఉంచి అదే రిపోర్టు నడపండి. రెండు టైములూ లెటర్‌లో పెట్టండి, వాళ్లు నమ్మేది దాన్నే. బిల్లు నంబరుతో వెతకడం కూడా వేగం అవుతుందని మాత్రం రాయొద్దు. ఇండెక్స్ ఉంటే అది ఇప్పటికే వేగంగా ఉంటుంది.

పర్మిషన్ వచ్చాక ముందు కాపీ చేసి, వరుసల లెక్క, మొత్తం రూపాయలు సరిపోయాయో చూడండి. తర్వాత కొంచెం కొంచెంగా తీయండి. MySQL అయితే ఇది, తేదీ మీ రెండేళ్ల లెక్కకు మార్చుకుని, తీసిన వరుసలు సున్నా అని వచ్చేదాకా మళ్లీ మళ్లీ నడపండి:

```sql
DELETE FROM bills
WHERE bill_date < '2023-04-01'
LIMIT 5000;
```

నేను ఒకసారి అన్నీ ఒకే దెబ్బకు తీయబోయాను. లాకులు పడి పొద్దున కౌంటర్లో బిల్లింగ్ ఆగిపోయింది, ఆపితే రోల్‌బ్యాక్‌కు ఇంకా ఎక్కువ సేపు పట్టింది.