యూఎస్‌బీ పోర్టు మీద 3.2 అని ఉంటే చాలదు

"అన్నా, ఒంగోల్లో స్టూడియో నాది. ఎస్‌ఎస్‌డీ నుంచి పెళ్లి వీడియోలు కాపీ చేస్తే సెకనుకు 40 ఎంబీ దాటట్లేదు. కంప్యూటర్ మదర్‌బోర్డు మార్చాలా?"

అప్పుడే వద్దు తమ్ముడూ. 40 దగ్గర ఆగిందంటే యూఎస్‌బీ 2.0 వేగమే. పోర్టు అదై ఉండాలి, లేదా నువ్వు వాడేది ఫోన్ ఛార్జింగ్ కేబులై ఉండాలి. ఎస్‌ఎస్‌డీతో వచ్చిన కేబుల్‌నే పెట్టి, వెనక వేరే పోర్టుల్లో చూడు. 400 దాటితే బోర్డు తప్పేం లేదు.

అయినా మార్చాల్సొస్తే ఉత్త "3.2" అనే మాట నమ్మొద్దు. `Gen 1` అంటే 5 జీబీపీఎస్, `Gen 2` అంటే 10. ఎస్‌ఎస్‌డీ, కార్డ్ రీడర్ కోసం వెనక `Gen 2` రెండు ఉంటే చాలు, కీబోర్డు, మౌస్, ప్రింటర్‌కి 2.0 సరిపోతుంది. కంపెనీ సైట్లో `Rear I/O` అని ఇచ్చే వెనక పోర్టుల జాబితా చూసి లెక్కపెట్టుకో. నెల్లూరులో ఓ షాపులో "ఎనిమిది పోర్టులు" అంటే కొనేశా, ఇంటికొచ్చి చూస్తే వెనక నాలుగే! మిగతావి కేబినెట్ ముందు పోర్టుల వైర్లు తగిలించడానికి బోర్డు మీదుండే పిన్నులు, అంటే హెడర్లు.